పెద్ద శబ్దం తర్వాత చెవి మళ్లీ మామూలైతే లోపల ఏమీ కానట్టేనా?

ప్రశ్న: పోయిన వారం ఒక మ్యూజిక్ ప్రోగ్రామ్‌లో మూడు గంటలు స్పీకర్ల పక్కనే నిలబడ్డాను. ఆ రాత్రంతా చెవుల్లో గుయ్‌మని మోత, దూది కుక్కినట్టు ఉంది. మర్నాడు సాయంత్రానికి మామూలైపోయింది. డాక్టర్ చూసి కర్ణభేరి బాగానే ఉందన్నారు. మరి నిజంగా ఏమైనా పాడయిందా? పాడైతే వినికిడి మళ్లీ ఎలా వచ్చింది? శబ్దం వల్ల చెవి శాశ్వతంగా పోతుందంటారు, అదెలా?

సమాధానం:

అలాంటి శబ్దానికి దెబ్బతినేది కర్ణభేరి కాదు. దానికి చాలా లోపల ఉండి శబ్దాన్ని పట్టుకునే హెయిర్ సెల్స్ అనే కణాలు, వాటిని మెదడుకు కలిపే నరాల కొనలు దెబ్బతింటాయి. ఆ నష్టంలో కొంత ఒకటి రెండు రోజుల్లో సర్దుకుంటుంది. మీకు వినికిడి తిరిగొచ్చింది అందుకే. కొంత మాత్రం సర్దుకోకుండా మిగిలిపోవచ్చు, అది మామూలు వినికిడి పరీక్షకు దొరక్కపోవచ్చు కూడా. మీ డాక్టర్ తప్పు చెప్పలేదు. లైటు వేసి చూస్తే కనిపించేది కర్ణభేరి వరకే.

నేను ఆడియాలజిస్ట్‌ని, వినికిడి పరీక్షలు చేయడం నా రోజువారీ పని. మీరు "ఎలా" అని అడిగారు కాబట్టి శబ్దం వెళ్లే దారి వెంటే వెళ్దాం. ఆ దారి తెలిస్తే ఎక్కడ తెగుతుందో, ఎందుకు అతకదో దానంతట అదే అర్థమవుతుంది.

శబ్దమంటే గాలి ఒత్తిడిలో వచ్చే చిన్న చిన్న హెచ్చుతగ్గులు. అవి తగిలి కర్ణభేరి ముందుకీ వెనక్కీ కదులుతుంది. దాని వెనుక మూడు చిన్న ఎముకలున్నాయి, స్కూల్లో కూటకం, దాగలి, అంకవన్నె అని చదువుకున్నవే. వాటికి ఒక కష్టమైన పని ఉంది. లోపలి చెవి నిండా ద్రవం ఉంటుంది. గాలిలోని శబ్దం నేరుగా ద్రవానికి తగిలితే దాదాపు మొత్తం వెనక్కి తిరిగిపోతుంది. నీళ్లలో మునిగినప్పుడు గట్టు మీద మాటలు వినిపించనిది ఇందుకే. దీనికి చెవి చేసిన ఏర్పాటు చాలా సింపుల్. కర్ణభేరిలో కదిలే భాగం సుమారు 55 చదరపు మిల్లీమీటర్లు, అంకవన్నె అడుగు భాగం సుమారు 3 చదరపు మిల్లీమీటర్లు. అంత వెడల్పు మీద పడిన బలాన్ని ఇంత చిన్న చోటుకు తెచ్చి నొక్కడం వల్ల ఒత్తిడి ఇరవై రెట్ల దాకా పెరుగుతుంది. ఆ ఒత్తిడితో ద్రవం కదులుతుంది.

ఆ ద్రవం ఉన్న గొట్టమే కాక్లియా. నత్తగుల్లలా రెండున్నర చుట్లు చుట్టుకుని ఉంటుంది, సాగదీస్తే మూడున్నర సెంటీమీటర్లు. దాని పొడవునా లోపల ఒక సన్నటి పొర ఉంది. ఆ పొర మొదట్లో ఇరుగ్గా, బిగుతుగా, చివర్లో వెడల్పుగా, మెత్తగా ఉంటుంది. అందుకే కీచు శబ్దాలకు మొదటి భాగం, బొంగురు శబ్దాలకు చివరి భాగం ఎక్కువగా ఊగుతాయి. ఒక్కో స్వరానికి ఒక్కో చోటు. శబ్దం అల ఈ పొర మీద ఎలా ప్రయాణిస్తుందో చూపించినందుకే గియోర్గ్ వాన్ బెకెషీకి 1961లో నోబెల్ వచ్చింది.

ఆ పొర మీద వరసగా నిలబడి ఉండేవే హెయిర్ సెల్స్. పేరుకు హెయిర్ అంటున్నాం కానీ జుట్టుతో సంబంధం లేదు. ఒక్కో కణం నెత్తిన మెట్లు మెట్లుగా, పొట్టి నుంచి పొడుగు వరుసలో పేర్చిన అతి సన్నటి పుల్లల్లాంటి కుచ్చు ఉంటుంది. ఒక పుల్ల కొన నుంచి పక్కనున్న పొడుగు పుల్లకు ఒక దారం లాంటి తీగ ఉంటుంది. దాన్ని టిప్ లింక్ అంటారు. పొర ఊగినప్పుడు కుచ్చు ఒక పక్కకు వంగుతుంది, తీగ బిగుస్తుంది, పుల్ల కొనలో ఒక చిన్న ద్వారం తెరుచుకుంటుంది. బయటి ద్రవంలో ఉన్న పొటాషియం లోపలికి దూకుతుంది. కదలిక కరెంటుగా మారేది సరిగ్గా అక్కడే. కుచ్చు వెనక్కి రాగానే ద్వారం మూసుకుంటుంది. 4000 హెర్ట్జ్ శబ్దమైతే ఇది సెకనుకు 4000 సార్లు జరగాలి. మీరు నిలబడ్డ మూడు గంటల్లో అలాంటి శబ్దం ఆగకుండా వచ్చి ఉంటే, అది 4 కోట్ల 32 లక్షల సార్లు అవుతుంది.

ఎంత సున్నితమైన పని అంటే, మనం వినగలిగే అతి చిన్న శబ్దానికి ఈ కుచ్చు కదిలే దూరం ఒక నానోమీటర్ కూడా ఉండదు.

హెయిర్ సెల్స్‌లో రెండు రకాలు. ఈ తేడా పట్టుకుంటే మీ ప్రశ్నకు సగం జవాబు దొరికినట్టే. లోపలి వరుస ఒకటి, అందులో 3500 దాకా కణాలు. మెదడుకు కబురు పంపేవి ముఖ్యంగా ఇవే. బయట మూడు వరసలు, సుమారు 12,000 కణాలు. ఇవి కబుర్లు పంపడం కంటే వేరే పని చేస్తాయి: కరెంటు తగలగానే శరీరం పొడవును పొట్టిగా, పొడుగ్గా మార్చుకుంటూ పొరను తాము కూడా ఊపుతాయి. ఉయ్యాలను సరైన సమయానికి చిన్నగా తోస్తే ఊపు పెరిగినట్టు, చిన్న శబ్దాలకు పొర ఊపును ఇవి పెంచుతాయి. గుసగుసలు వినగలుగుతున్నామంటే వీటి పుణ్యమే. పెద్ద శబ్దానికి ఈ సాయం దాదాపు అక్కర్లేదు. ఈ బయటి వరస కణాలు పోతే వినికిడి 40 నుంచి 60 డెసిబెల్స్ దాకా పడిపోతుంది.

లోపలి వరస కణం అడుగున నరాల కొనలు అతుక్కుని ఉంటాయి. కణంలో కరెంటు మారగానే అక్కడ గ్లుటమేట్ అనే రసాయనం విడుదలవుతుంది, దాంతో నరం ఉత్తేజితమవుతుంది. ఒక చెవి నుంచి సుమారు 30,000 నరపు పోగులు మెదడు కింది భాగానికి వెళ్తాయి. అక్కడ రెండు చెవుల సమాచారం మొదటిసారి కలుస్తుంది. శబ్దం ఒక చెవికి ముందు, ఇంకో చెవికి సెకనులో వెయ్యో వంతు కంటే కూడా తక్కువ తేడాతో చేరినా మెదడు దాన్ని పోల్చి, శబ్దం ఎటు నుంచి వచ్చిందో తేల్చుకుంటుంది. అక్కడి నుంచి ఇంకొన్ని మజిలీలు దాటి, కణతల లోపలున్న శ్రవణ కేంద్రానికి చేరాకే అది మాటో, పాటో అవుతుంది. మెదడు సంగతి ఇంతటితో ఆపుతున్నాను, ఎందుకంటే దెబ్బ మొదలయ్యేది కిందే.

ఇప్పుడు మీ స్పీకర్ల దగ్గరికి వద్దాం.

పెద్ద స్పీకర్ల పక్కన 100 డెసిబెల్స్ అనేది మామూలు విషయం. మనం వినగలిగే అతి చిన్న శబ్దంతో పోలిస్తే అక్కడ గాలి ఒత్తిడి లక్ష రెట్లు ఎక్కువ. చెవికి సొంతంగా ఒక రక్షణ ఉంది: పెద్ద శబ్దం వినగానే అంకవన్నెకు కట్టి ఉన్న ఒక చిన్న కండరం బిగుసుకుని ఎముకల కదలికను తగ్గిస్తుంది. కానీ అది ఎక్కువగా బొంగురు శబ్దాలనే తగ్గిస్తుంది, కీచు శబ్దాలను దాదాపు వదిలేస్తుంది. పైగా బిగుసుకునేసరికి ఒక సెకనులో పదో వంతు దాకా పడుతుంది. టపాకాయ పేలుడు అప్పటికే లోపలికి వెళ్లిపోయి ఉంటుంది. కాబట్టి దాని మీద ఆశలు పెట్టుకోవద్దు.

గంటల తరబడి అంత శబ్దం పడితే లోపల మూడు రకాల దెబ్బలు తగులుతాయి.

మొదటిది కుచ్చులకు. తీగలు తెగిపోతాయి, పుల్లలు వంగుతాయి, అతుక్కుపోతాయి. తీగ తెగిన ద్వారం తెరుచుకోదు, దాంతో ఆ కణం పని చేయదు. మీకు దూది కుక్కినట్టు అనిపించడానికి ఇది ఒక కారణం. మంచి సంగతి ఏంటంటే, తీగలు మళ్లీ అల్లుకోగలవు, దానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. మీ వినికిడి మర్నాటికి తిరిగి వచ్చిందంటే, అందులో దీని పాత్ర ఉంది. కానీ పుల్ల మొదట్లోనే విరిగిపోతే అంతే సంగతులు.

రెండోది కణం అలసటకు సంబంధించింది. కోట్ల సార్లు తలుపులు తెరిచి మూసిన కణం శక్తి కోసం విపరీతంగా ఆక్సిజన్ వాడుకుంటుంది, దాంతో కణాన్ని కొరికేసే హానికర ఆక్సిజన్ పదార్థాలు లోపల పేరుకుపోతాయి. అదే సమయంలో లోపలి చెవికి రక్తం సరఫరా కూడా తగ్గుతుంది. ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఈ విషం శబ్దం ఆగగానే ఆగదు. ఆ తర్వాత కొన్ని రోజుల పాటు తయారవుతూనే ఉంటుంది, కణాలు ఒక్కొక్కటిగా చచ్చిపోతూనే ఉంటాయి. అందుకే అలాంటి రాత్రి తర్వాత వారం పది రోజులు చెవులకు ఇంకో పెద్ద శబ్దం తగలనివ్వొద్దంటాను.

అన్నిటికంటే ముందు చచ్చేవి ఆ బయటి వరస కణాలే. ఒక కణం చచ్చిపోతే దాని చోటు ఖాళీగా ఉండకూడదు, ఎందుకంటే పైన ఉన్న పొటాషియం ద్రవం కింద భాగంలోకి కారిపోతే పక్కనున్న కణాలూ పోతాయి. అందుకని చుట్టూ ఉన్న ఆధార కణాలు వెడల్పుగా సాగి ఆ కంతను పూడ్చేస్తాయి. నష్టం పాకకుండా అక్కడితో ఆగుతుంది, కానీ ఆ చోట కొత్త హెయిర్ సెల్ మాత్రం పుట్టదు. పక్షుల్లోనూ చేపల్లోనూ ఇవే ఆధార కణాలు కొత్త హెయిర్ సెల్స్‌ను తయారు చేస్తాయి. పెద్ద శబ్దానికి చెవులు పోయిన పక్షికి కొన్ని వారాల్లో వినికిడి తిరిగి వస్తుందని 1980లలోనే తేలింది. మనకు పుట్టకముందే తయారైన కణాలే ఆఖరి దాకా. శాశ్వతం అనడానికి అసలు కారణం ఇదే.

మూడోది నరాల అతుకులకు. శబ్దం మితిమీరితే గ్లుటమేట్ కూడా మితిమీరి విడుదలవుతుంది. దానికి నరపు కొనలు ఉబ్బి, కణం నుంచి ఊడిపోతాయి. 2009లో షారన్ కుజావా, చార్లెస్ లిబర్‌మన్ ఎలుకల మీద చేసిన ప్రయోగం దీన్ని బయటపెట్టింది. ఎలుకలకు 100 డెసిబెల్స్ శబ్దం రెండు గంటలు వినిపించారు. కొన్ని రోజులకు వాటి వినికిడి పూర్తిగా మామూలైంది, హెయిర్ సెల్స్ అన్నీ బతికే ఉన్నాయి. కానీ లోపల చూస్తే, కీచు శబ్దాలు వినే చోట లోపలి వరస కణాలకూ నరాలకూ మధ్య ఉండే అతుకుల్లో దాదాపు సగం పోయాయి, తిరిగి రాలేదు. అంతకు ముందు వరకు "వినికిడి తిరిగొస్తే చెవి బాగుపడినట్టే" అని మా రంగంలో అందరూ నమ్మేవాళ్లు.

అతుకులు సగం పోయినా పరీక్షలో ఎందుకు తెలియదంటే, నిశ్శబ్దంగా ఉన్న గదిలో బీప్ వినడానికి కొద్ది పోగులు చాలు. అదీకాక ముందుగా తెగేవి ఎక్కువగా పెద్ద శబ్దాలకు మాత్రమే స్పందించే పోగులు. పది మంది మాట్లాడుతున్న చోట ఒక్కరి మాట పట్టుకోవాలంటే మాత్రం అవి కావాలి. మనుషుల్లో ఈ అతుకుల్ని బతికుండగా లెక్కపెట్టే పరీక్ష ఇప్పటికీ లేదు. అందువల్ల మీకు ఇది జరిగిందనీ చెప్పలేను, జరగలేదనీ చెప్పలేను.

ఇదంతా మనిషిలో ఎలా కనిపిస్తుందో నా దగ్గరికి వచ్చిన ఒకాయన కేసుతో చెప్తాను. మెటల్ వర్క్‌షాప్‌లో గ్రైండింగ్ పని, ఏళ్ల తరబడి, చెవులకు ఏమీ పెట్టుకోకుండా. ఆయన సొంతంగా రాలేదు, ఇంట్లోవాళ్లు పంపించారు. "నాకు వినపడుతుందండీ, మనుషులే గొణుగుతున్నారు" అన్నాడు. కర్ణభేరి రెండు వైపులా చక్కగా ఉంది. ఏ స్వరం కనీసం ఎన్ని డెసిబెల్స్ ఉంటే వినపడుతుందో గీతగా చూపే ఆడియోగ్రామ్‌లో 250 నుంచి 2000 హెర్ట్జ్ వరకు 10, 15 డెసిబెల్స్ దగ్గరే వినిపించింది, అంటే పూర్తిగా నార్మల్. 3000 దగ్గర 30, 4000 దగ్గర ఏకంగా 55. 6000లో 45, 8000కి వచ్చేసరికి మళ్లీ 25. అంకె పెరిగేకొద్దీ గీత కిందికి దిగుతుంది కాబట్టి మధ్యలో గుంట పడినట్టు ఉంటుంది. ఈ గుంట శబ్దం చేసిన పని అని సులువుగా గుర్తుపట్టొచ్చు. వయసు వల్ల వచ్చే లోపమైతే 8000 దగ్గర గీత తిరిగి పైకి రాదు, ఇంకా కిందికి జారుతుంది. గుంట 4000 చుట్టూనే పడటానికి కారణం చెవి రంధ్రం. దాని పొడవు సుమారు రెండున్నర సెంటీమీటర్లు. ఆ పొడవున్న గొట్టం 3000 హెర్ట్జ్ చుట్టుపక్కల శబ్దాలను సహజంగా పెంచుతుంది. దెబ్బ మాత్రం తగిలిన స్వరం కంటే కాస్త పైనుండే చోట ఎక్కువగా కనిపిస్తుంది.

తర్వాత ఆయనకు మాటలు చదివి వినిపించాను. "తాడు" అంటే "పాడు" అన్నాడు, "తల" అంటే "కల" అన్నాడు. "అమ్మ", "ఊరు", "గోడ" లాంటివి ఒక్కటీ తప్పలేదు. అచ్చులకు బలం కింది స్వరాల్లో ఉంటుంది, అవి ఆయనకు చక్కగా వినిపిస్తాయి. త, క, స, శ లాంటి హల్లులను వేరు చేసి చూపించే చిన్న చప్పుడు ఎక్కువగా 2000 పైన ఉంటుంది, అదే ఆయనకు లేదు. అందుకే మనిషి గొంతు వినిపిస్తుంది కానీ మాట చెదిరిపోతుంది. ఇంకో ఫిర్యాదు కూడా చేశాడు: "నెమ్మదిగా చెప్తే వినపడదు, కాస్త గట్టిగా చెప్తే అరుస్తున్నట్టుంటుంది." ఇది విని ఇంట్లోవాళ్లకు చిరాకు, కానీ ఆయన చెప్పేది నిజమే. చిన్న శబ్దాలకు ఊపు పెంచే బయటి వరస పోయింది, పెద్ద శబ్దాలకు సాయం అక్కర్లేని లోపలి వరస ఉంది. కాబట్టి వినపడనిదానికీ భరించలేనిదానికీ మధ్య జాగా కుంచించుకుపోతుంది. మెషిన్ పెడితే ఆయనకు ఉపయోగం ఉంటుంది, కానీ హియరింగ్ ఎయిడ్ శబ్దాన్ని పెంచగలదు గానీ పోయిన కణాలు చేసే పనిని చేయలేదు. గోలలో ఇబ్బంది కొంత ఉండిపోతుంది.

చెవిలో మోత గురించి కూడా రెండు మాటలు. ఒక స్వరం దగ్గర నుంచి సమాచారం రావడం తగ్గితే మెదడు ఆ చోట తన వాల్యూమ్ పెంచుకుంటుంది. అలా పెంచినప్పుడు నరాల్లో మామూలుగా ఉండే చిన్న సందడే మోతగా వినిపిస్తుంది. ఎక్కువమందిలో ఆ మోత స్వరం, వాళ్లు వినలేని స్వరం దాదాపు ఒకే చోట ఉంటాయి. మీ మోత ఒక్క రోజులో పోయింది కాబట్టి దాని గురించి ఇప్పుడు టెన్షన్ అక్కర్లేదు. కానీ అది మోతాదు దాటిందని చెప్పడానికి వచ్చిన గుర్తే.

మోతాదు లెక్క కూడా చూద్దాం. అమెరికాలో పనిచేసే చోట భద్రతను చూసే సంస్థ నియోష్ సిఫారసు ప్రకారం 85 డెసిబెల్స్ అయితే రోజుకు 8 గంటలు. ప్రతి 3 డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా శక్తి రెట్టింపవుతుంది, సమయం సగమవుతుంది. 88కి 4 గంటలు, 91కి 2, 94కి ఒకటి, 97కి అరగంట, 100కి పావుగంట. మీరున్న చోట 100 ఉందనుకుంటే, మూడు గంటలంటే 12 రోజుల కోటా ఒక్క రాత్రిలో వాడేసినట్టు. ఈ లెక్కను గీత గీసినట్టు తీసుకోకండి. ఒకే వర్క్‌షాప్‌లో పక్కపక్కన పనిచేసిన ఇద్దరిలో ఒకరి చెవులు పోతాయి, ఇంకొకరికి అంత నష్టం ఉండదు. ఎవరి చెవి ఎంత తట్టుకుంటుందో ముందుగా చెప్పడానికి పరీక్ష లేదు. ఈ లెక్క పేలుళ్లకు పనికిరాదు కూడా. 140 డెసిబెల్స్ దాటిన పేలుడు ఒక్క క్షణంలోనే కుచ్చులను చీల్చేస్తుంది, ఒక్కోసారి కర్ణభేరి కూడా చిరుగుతుంది.

ఇప్పుడు మీరు చేయదగ్గవి. ఒక ఆడియోగ్రామ్ చేయించుకోండి, 3000, 6000 హెర్ట్జ్ కూడా చూడమని అడగండి. చాలాచోట్ల వాటిని వదిలేస్తారు, గుంట సరిగ్గా అక్కడే మొదలవుతుంది. వీలైతే ఓటోఅకౌస్టిక్ ఎమిషన్స్ పరీక్ష కూడా చేయించుకోండి. బయటి వరస కణాలు పొరను ఊపినప్పుడు పుట్టే చిన్న చప్పుడు చెవి రంధ్రంలోకి తిరిగి వస్తుంది, దాన్ని మైకుతో కొలుస్తారు. ఆడియోగ్రామ్ నార్మల్ అని వచ్చినా ఇందులో తగ్గుదల కనిపించే కేసులు ఉంటాయి. రెండూ బాగుండి, గోలలో మాటలు మాత్రం అర్థం కావట్లేదని అనిపిస్తే, గోలలో మాటలు వినే పరీక్ష విడిగా ఉంటుంది, అది అడగండి. కాగితాలు దాచుకోండి. మూడేళ్ల తర్వాత చేసే పరీక్షకు వీటితో పోల్చుకుంటేనే అర్థం ఉంటుంది.

మళ్లీ అలాంటి చోటుకు వెళ్లేటప్పుడు ఫోమ్ ప్లగ్స్ తీసుకెళ్లండి. సన్నగా నలిపి, చెవిని పైకి, వెనక్కి లాగి, పూర్తిగా లోపలికి పెట్టి, ఉబ్బేదాకా పట్టుకోవాలి. సగం బయటికి కనిపిస్తుంటే అది ఉన్నా లేనట్టే. దూది వల్ల ఉపయోగం లేదు.

చివరగా ఒకటి, ఇది మాత్రం ఆలస్యం చేయకూడదు. పెద్ద శబ్దం తర్వాత వినికిడి రెండు రోజులైనా రాకపోయినా, ఒక చెవి ఉన్నట్టుండి బాగా తగ్గిపోయినా, తల తిరిగినా ఆ రోజే ఇఎన్‌టీ డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఉన్నట్టుండి వినికిడి పోయిన కేసుల్లో స్టెరాయిడ్ ఇస్తే ఫలితం వచ్చే అవకాశం మొదటి రోజుల్లోనే ఎక్కువ, రెండు వారాలు దాటాక బాగా తగ్గిపోతుంది. "చెవిలో గుబిలి అయ్యుంటుందిలే" అని చుక్కల మందు వేసుకుంటూ కూర్చుని నెల తర్వాత వచ్చేవాళ్లకు చేయడానికి మా దగ్గర మిగిలేది పరీక్ష మాత్రమే.